నీలం రంగు ఇన్‌హేలర్ ఎప్పుడూ ఆయాసం మందేనా?

ఇన్‌హేలర్ ఫోటో వాట్సాప్‌లో పంపి "ఇది ఆయాసం వచ్చినప్పుడు వాడేదా, రోజూ వాడేదా?" అని అడుగుతుంటారు. నీలం రంగుదైతే చాలామంది క్షణం ఆలోచించకుండా "ఆయాసానిదే" అనేస్తారు. ఈ నమ్మకం ఎక్కడిది, ఎంతవరకు పనికొస్తుంది అన్నది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే ఇన్‌హేలర్ 1956లో అమెరికాలోని రైకర్ కంపెనీ నుంచి వచ్చింది. తొలినాటి మందుల్లో ఒకటైన ఐసోప్రెనలిన్ శ్వాసనాళాలను తెరిచేది, కానీ గుండె మీదా పనిచేసేది. 1960లలో బ్రిటన్‌లో ఆస్తమా మరణాలు పెరిగినప్పుడు ఈ మందు గాఢమైన స్ప్రేల మీద అనుమానం పడింది. 1969లో బ్రిటన్ కంపెనీ అలెన్ అండ్ హాన్‌బరీస్ సాల్బుటమాల్‌ను వెంటొలిన్ పేరుతో తెచ్చింది. 1972లో అదే కంపెనీ బెకోటైడ్‌ను తెచ్చింది, అది స్టిరాయిడ్. ఒకటి బిగుసుకున్న నాళాలను నిమిషాల్లో వదులు చేస్తుంది. రెండోది లోపలి వాపును వారాల తరబడి మెల్లగా తగ్గిస్తుంది. మొదటిదానికి నీలం, రెండోదానికి గోధుమ రంగు స్థిరపడ్డాయి. డాక్టర్లు, నర్సులు రోగులకు రంగు చెప్పే నేర్పించారు.

ఇది అలవాటే తప్ప చట్టం కాదు. అమెరికాలో సాల్బుటమాల్‌నే అల్బుటెరాల్ అంటారు. అక్కడ వెంటొలిన్ నీలమైనా, ప్రోఎయిర్ హెచ్‌ఎఫ్‌ఏ ఎర్రటి ప్లాస్టిక్‌లో, ప్రొవెంటిల్ పసుపు ప్లాస్టిక్‌లో వచ్చాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మన పెద్దవాళ్లు "నా నీలం పంపు ఇవ్వలేదు, ఎర్రది ఇచ్చారు" అని టెన్షన్ పడితే, అది అదే మందు కావచ్చు. కంపెనీలకు రంగు వ్యాపార చిహ్నం కూడా. సెరెటైడ్ అనే ఇన్‌హేలర్ ఊదా రంగు తమదేనని గ్లాక్సో కంపెనీ, సాండోజ్ కంపెనీ మీద కేసు నడిపింది. 2017లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు ఆ రంగు ట్రేడ్‌మార్క్ చెల్లదంది.

మన దగ్గర పరికరం చూసి చెప్పడం మరీ కష్టం. క్యాప్సూల్‌లోని పొడి మందు పీల్చే రోటాహేలర్‌లో, వేసే క్యాప్సూల్‌ను బట్టే మందు మారుతుంది. అదే పరికరంలో సాల్బుటమాల్ క్యాప్సూల్ వేయొచ్చు, ఫార్మోటెరాల్–బ్యుడెసొనైడ్ క్యాప్సూల్ కూడా వేయొచ్చు. అందుకే ఖాళీ రోటాహేలర్ ఫోటో ఏమీ చెప్పదు. క్యాప్సూల్ డబ్బా ఫోటో కావాలి.

స్ప్రే ఇన్‌హేలర్‌లోనూ మందు ఉండేది లోహపు డబ్బాలో, బయటి రంగు ప్లాస్టిక్‌లో కాదు. డబ్బా ఊడి వస్తుంది. ప్లాస్టిక్ కడిగి ఆరబెట్టడానికి ఇంట్లో రెండు ఇన్‌హేలర్లూ ఒకేసారి విప్పారనుకోండి. తిరిగి పెట్టేటప్పుడు డబ్బాలు తారుమారు కావొచ్చు.

అలాంటి ఒక ఫోటో ఊహించండి. నీలం ప్లాస్టిక్, పైన కాస్త బయటికి కనిపించే డబ్బా, దాని మీద "సాల్మె..." వరకే అక్షరాలు. "సాల్బుటమాల్ అయ్యుంటుంది" అనిపిస్తుంది. కానీ "సాల్మె"తో మొదలయ్యేది సాల్మెటెరాల్. అది నాళాలను తెరిచేదే అయినా పనిచేయడం మొదలవడానికి పావుగంట పైనే పడుతుంది, కాబట్టి ఆయాసం ముదిరినప్పుడు పనికిరాదు. సాధారణంగా ఫ్లూటికాసోన్ అనే స్టిరాయిడ్‌తో కలిసి, రోజూ వాడే మందుగా వస్తుంది. ప్లాస్టిక్ ఒక మాట, డబ్బా ఇంకో మాట చెబుతున్నాయంటే మారిపోయాయని అనుమానించాలి. డబ్బా బయటికి తీయించి, లేబుల్ చుట్టూ రెండు మూడు ఫోటోలు అడగాలి. అట్టపెట్టె ఉంటే అందులో ఏముందో రాసిన వరుస ఇంకా మంచిది. బ్రాండ్ పేరు కన్నా ఆ మందు పేరే చదవాలి. 2018 నుంచి మన దేశంలో మందు అసలు పేరును బ్రాండ్ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో వేయాలన్న నిబంధన ఉంది.

చదివేటప్పుడు సాల్బుటమాల్ లేదా లెవోసాల్బుటమాల్ ఒక్కటే ఉంటే ఆయాసం మందు. బెక్లోమెటాసోన్, బ్యుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ ఉంటే అందులో స్టిరాయిడ్ ఉన్నట్టు. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. బ్యుడెసొనైడ్‌తో ఫార్మోటెరాల్ కలిసి ఉంటే, ఫార్మోటెరాల్ నిమిషాల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది. 2019 నుంచి జినా అనే ఆస్తమా అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లకు, టీనేజీ పిల్లలకు తక్కువ మోతాదులో ఈ జంటనే అవసరమైనప్పుడు వాడమంటున్నాయి. అలా ఒకే ఇన్‌హేలర్ కొందరికి రెండు పనులూ చేస్తుంది. ఎవరికి ఎలా రాశారో ఫోటోలో కనపడదు, డాక్టర్ చీటీ చూడాల్సిందే. డబ్బాకు కౌంటర్ లేకపోతే మందు మిగిలి ఉందో లేదో కూడా ఫోటో చెప్పదు.

అవతలివాళ్లు మాట పూర్తిచేయలేనంత ఆయాసపడుతుంటే ఫోటోల కోసం ఆగకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెంటనే 108కి ఫోన్ చేయాలి. డాక్టర్ ఆయాసానికి ఇచ్చినదేదో ఇంట్లోవాళ్లకు కచ్చితంగా తెలిస్తే అది ఇస్తూ ఉండాలి.