మొటిమల గుంతలు తగ్గాలి, బుగ్గ ప్లాస్టిక్ అవ్వకూడదు: రీటచింగ్‌లో అపోహలు - వాస్తవాలు

ఇది క్రీముల గురించో లేజర్ గురించో కాదు, పెళ్లి ఫొటోలు ఆల్బమ్‌కి వెళ్లే ముందు ఫొటోషాప్‌లో మేం చేసే పని గురించి. "స్కిన్ కొంచెం స్మూత్ చెయ్యి బాబూ" అని అందరూ చెప్తారు, ఆ కొంచెం ఎక్కడ ఆగాలో మాత్రం ఎవరూ చెప్పరు. చివరికి ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్లికూతురి తల్లి "ఇది మా అమ్మాయేనా?" అంటుంది.

అపోహ: గుంత కూడా మచ్చే, చెరిపేస్తే పోతుంది

ఫొటోలో గుంత అంటూ ఏమీ ఉండదు, వెలుగూ నీడా మాత్రమే ఉంటాయి. లైటు ఎడమ నుంచి పడుతుంటే గుంతకి ఎడమ అంచు నీడలో ఉంటుంది, కుడి అంచు మీద సన్నని మెరుపు ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన కనపడ్డాయి కాబట్టే మన కన్ను అక్కడ లోతు ఉందనుకుంటుంది. అందుకే వీడియో వాళ్ల ఎల్ఈడీ లైటు పక్క నుంచి పడిన ఫొటోలో అదే బుగ్గ ఎంతో గరుకుగా, ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫొటోలో దాదాపు మామూలుగా కనిపిస్తుంది. అంటే మన పని చర్మాన్ని చెరపడం కాదు, ఆ నీడని కాస్త పైకి లేపడం, ఆ మెరుపుని కాస్త కిందికి దించడం. అలా చేస్తే పైనున్న సన్నని రంధ్రాల జోలికి అసలు వెళ్లనక్కర్లేదు.

మొటిమ తగ్గాక మిగిలే గోధుమరంగు మచ్చ వేరే కేసు. దాని పక్కన మెరుపు అంచు ఉండదు, ఉన్నది రంగు తేడానే. జూమ్ చేసి నల్లటి అంచు పక్కన తెల్లటి అంచు ఉందా లేదా చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. చాలామంది ఈ రెంటికీ ఒకే బ్రష్ వాడతారు, తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

అపోహ: బ్లర్ చేసి పైన నాయిస్ వేస్తే చర్మం తిరిగొచ్చేస్తుంది

రాదు. నాయిస్ ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది, చర్మం అలా ఉండదు. ముక్కు పక్కన రంధ్రాలు పెద్దవి, బుగ్గ మధ్యలో కాస్త సాగినట్టుంటాయి, దవడ దగ్గరికి వచ్చేసరికి చిన్నవైపోతాయి. బ్లర్ మీద నాయిస్ వేస్తే ఉప్పుకాగితం రుద్దిన ప్లాస్టిక్‌లా ఉంటుంది. పని అంతా అయ్యాక బొమ్మ మొత్తం మీద చాలా కొద్దిగా గ్రెయిన్ వేయడం వేరే సంగతి, అది నాకూ అలవాటే.

అపోహ: ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేస్తే ప్లాస్టిక్ లుక్ రాదు

యూట్యూబ్ చూసి నేర్చుకున్న ప్రతి కుర్రాడూ చెప్పే మాట ఇది, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. ఈ పద్ధతిలో బొమ్మని రెండు లేయర్లుగా విడగొడతాం: కింద బ్లర్ చేసిన రంగూ నీడా, పైన రంధ్రాలూ వెంట్రుకల్లాంటి సన్నని వివరాలూ. పై లేయర్‌కి Apply Image లో కింది బ్లర్ లేయర్‌ని ఎంచుకుని Subtract, Scale 2, Offset 128 ఇచ్చి, ఆ లేయర్‌ని Linear Light లో పెడతాం. ఇది 8 బిట్ ఫైల్‌కి. 16 బిట్ అయితే Add పెట్టి, Invert టిక్ చేసి, Scale 2, Offset 0. అంతవరకూ బాగానే ఉంది.

మరి గుంత ఏ లేయర్‌లోకి వెళ్లింది? మొహం వెడల్పు సుమారు 1500 పిక్సెళ్లు ఉన్న ఫొటోలో రంధ్రాలు విడిపోవడానికి 6 నుంచి 8 పిక్సెళ్ల బ్లర్ సరిపోతుంది. గుంత మాత్రం 20, 30 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. అంటే దాని అంచు గీత పై లేయర్‌లో, అసలు నీడ కింది లేయర్‌లో పడతాయి. ఇప్పుడు మనవాడు కింది లేయర్‌లో బుగ్గ చుట్టూ లాసో గీసి ఒక పెద్ద బ్లర్ కొడతాడు. గుంత నీడతో పాటు బుగ్గ ఎముక మెరుపూ, దాని కింద ఉండే మెత్తని నీడా కలిసిపోయి బుగ్గ చదునైపోతుంది. రంధ్రాలు మాత్రం పైన చెక్కుచెదరకుండా ఉంటాయి. అందుకే "టెక్స్చర్ ఉంది కదన్నా" అని వాదిస్తారు. ఉంది, కానీ బల్ల మీద పరిచిన తోలులా ఉంది! ప్లాస్టిక్ లుక్ అంటే రంధ్రాలు పోవడమే కాదు, రంధ్రానికీ ముఖం ఆకారానికీ మధ్య సైజులో ఉండే చిన్నచిన్న ఎత్తుపల్లాలన్నీ ఒకేసారి పోవడం.

మన పెళ్లిళ్లలో ఇంకో చిక్కు: మొహాన పసుపు, బుగ్గ మీద చుక్క. కింది లేయర్ బ్లర్ చేస్తే పసుపు రంగు ముక్కు పక్కకి పాకుతుంది, చుక్క చుట్టూ నల్లటి మసక వస్తుంది. చుక్క చుట్టూ మసక కనపడిందంటే ఆ ఫైల్ ఎలా చేశారో అడగక్కర్లేదు.

మరి ఎలా చేయాలి

తలంబ్రాల టైమ్‌లో తీసిన ఒక క్లోజప్ తీసుకుందాం. లైటు ఎడమ నుంచి, ఫొటోలో కుడివైపు బుగ్గ మీద పది పదిహేను గుంతలు, దవడ దగ్గర రెండు కొత్త మొటిమలు, నాలుగైదు గోధుమరంగు మచ్చలు.

ముందు కొత్త మొటిమలు. ఖాళీ లేయర్ మీద Healing Brush, Sample దగ్గర Current & Below. శాంపిల్‌ని అదే దవడ నుంచి, అదే వెలుగు ఉన్న చోటు నుంచి తీసుకోవాలి. నుదుటి నుంచి తెచ్చి బుగ్గ మీద పెడితే అతుకు కనపడుతుంది.

తర్వాత గుంతలు. రెండు Curves లేయర్లు, ఒకటి కాస్త వెలుగు పెంచేది, ఇంకోటి తగ్గించేది, రెండింటి మాస్కులూ నల్లగా నింపేయాలి. మెత్తటి తెల్ల బ్రష్, Flow 1 నుంచి 3 శాతం, బ్రష్ సైజు ఆ నీడ వెడల్పుకి మించకూడదు. వెలుగు పెంచే లేయర్ మాస్కు మీద గుంత నీడ అంచు దగ్గర నాలుగైదు సార్లు తేలిగ్గా తాకించాలి, తర్వాత రెండో లేయర్‌తో మెరుపు అంచు మీద రెండు మూడు సార్లు. పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టుకుంటే రంగు గోల లేకుండా నీడలు స్పష్టంగా కనపడతాయి. బ్రష్ పెద్దదైతే గుంత చుట్టూ తెల్లటి వలయం వస్తుంది, అప్పుడు ఆపి మాస్కు సరిచేసుకోవాలి. బాగా లోతున్న గుంతలకి గట్టి అంచు గీత ఉంటుంది, అది వెలుగుతో పూర్తిగా లొంగదు. అలాంటి రెండు మూడింటికి మాత్రం హీలింగ్ లేయర్ వేసి దాని ఒపాసిటీ సగానికి దించుతాను.

చివర్లో గోధుమ మచ్చలు. వీటిని వెలుగు పెంచి వదిలేస్తే మన చామనఛాయ చర్మం మీద బూడిదరంగు మరకల్లా తేలతాయి. కాబట్టి ముందు కాస్త వెలుగు, ఆపైన Color మోడ్‌లో ఇంకో లేయర్ వేసి, పక్క చర్మం రంగు తీసుకుని 10 శాతంతో పూత.

అంతా గ్రూప్‌లో పెట్టి ఒపాసిటీని 60, 70 దగ్గరికి దించండి. పని చేసినంతసేపూ కన్ను అలవాటుపడి ఉంటుంది కాబట్టి మనం ఎప్పుడూ ఎక్కువే చేసి ఉంటాం. గ్రూప్ ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు "మంచి లైటులో తీసినట్టుంది" అనిపించాలి, మనిషి మారినట్టు అనిపిస్తే ఇంకా దించాలి. మెడా చెవీ బుగ్గతో పోల్చి చూడండి, బుగ్గ ఒక్కటే వేరే మనిషిదిలా ఉంటే అక్కడే దొరికిపోతాం.

అపోహ: ఎంత జూమ్ చేస్తే అంత నీట్‌గా వస్తుంది

300 శాతంలో కనపడే ప్రతి చుక్కా తప్పులాగే ఉంటుంది. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్ మీద ఆ మొహం ఎంత వస్తుందో ఆ సైజులో చూడండి, అక్కడ కనపడని దానికి కరెంటు ఖర్చు దండగ. గ్రూప్ ఫొటోల్లో గోరంత మొహాలకి అసలు ఏమీ చేయనక్కర్లేదు, అయినా ప్లగిన్ ప్రీసెట్ కొట్టి అందరినీ మైనపు బొమ్మల్ని చేస్తారు.

అపోహ: క్లయింట్‌కి మచ్చ అనేదే ఉండకూడదు

ముందే అడగండి. పుట్టుమచ్చ, చిన్నప్పటి దెబ్బ గుర్తు, నవ్వినప్పుడు పడే సొట్ట మనవి కావు, ముట్టుకోకూడదు. పోయేవేంటో ఉండేవేంటో తేల్చుకుని ఆల్బమ్ అంతా ఒకే లెక్కలో చేయాలి, మూడో పేజీలో ఉన్న పుట్టుమచ్చ ఏడో పేజీలో మాయమైతే ఇంట్లో వాళ్లు మొదట పట్టుకునేది అదే. ఫైల్‌ని లేయర్లతోనే దాచుకోండి. "ఇంకొంచెం తగ్గించండి" అన్నా "అయ్యో ఎక్కువైంది" అన్నా గ్రూప్ ఒపాసిటీ ఒక్కటి జరిపితే సరిపోతుంది.