కొట్టేసిన పదం తిరిగి ఎందుకు వచ్చింది: స్టాటిక్ హజార్డ్‌ల నేపథ్యం

రిలే వలయాలను బూలియన్ బీజగణితంలో రాయవచ్చని క్లాడ్ షానన్ పత్రం 1938లో చూపిన తరువాత, రూపకర్తల దృష్టి సమీకరణాన్ని వీలైనంత చిన్నది చేయడం మీదికి మళ్లింది. 1953లో బెల్ లాబ్స్‌కు చెందిన మారిస్ కార్నో ప్రతిపాదించిన మ్యాప్ ఆ పనిని కంటితో చూసి చేయడానికి వీలు కల్పించింది. అందులో ఇన్‌పుట్ల ఒక్కో కలయికకు ఒక్కో గడి ఉంటుంది, పక్కపక్కనున్న 1లను కలిపిన ఒక్కో గ్రూపు సమీకరణంలో ఒక్కో పదం అవుతుంది. ఒక్కో గేటూ ఖరీదైన ఆ రోజుల్లో, మిగిలిన గ్రూపులు అప్పటికే కప్పిన గడులనే మళ్లీ కప్పే పదాన్ని కొట్టేయడం సహజమే. అయితే ఆ బీజగణితంలో కాలానికి చోటు లేదు. ఒక సంకేతమూ దాని విలోమమూ ఒకే క్షణంలో మారతాయని అది భావిస్తుంది, కాని అసలు ఇన్వర్టర్‌కు మారడానికి కొంత వ్యవధి పడుతుంది. ఈ వ్యవధి వల్ల, మారకుండా ఉండాల్సిన ఫలితం క్షణకాలం తప్పుడు విలువకు జారవచ్చు; స్టాటిక్ హజార్డ్ అంటే ఇదే. ఈ చిక్కును, దాని నివారణను డేవిడ్ హఫ్‌మన్ 1957లో ఒక పత్రంలో పద్ధతిగా వివరించాడు.

ఈ చిక్కు ఎంత దూరం పోగలదో లాచ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. G అనే అనుమతి సంకేతం 1గా ఉన్నప్పుడు D విలువను తీసుకుని, 0 అయినప్పుడు పాత విలువను నిలుపుకునే లాచ్‌కు కనిష్ఠ సమీకరణం ఇది; ఇందులో Q ఇప్పుడు దాచుకున్న విలువ, Q+ తరువాతి విలువ, G' అంటే G విలోమం:

```
Q+ = DG + G'Q
```

D, Q రెండూ 1గా ఉన్నప్పుడు G 1 నుంచి 0కి పడిందనుకుందాం. సమీకరణం ప్రకారం ఫలితం 1గానే ఉండాలి. వలయంలో మాత్రం DG గేటు ముందే 0కి దిగుతుంది, G' ఇన్వర్టర్ గుండా రావలసి ఉండడంతో ఆలస్యంగా లేస్తుంది. ఆ మధ్య రెండు యాండ్ గేట్లూ 0 ఇస్తాయి కనుక ఆర్ గేటు నుంచి ఒక 0 పల్స్ వెలువడవచ్చు. మామూలు వలయంలో అది క్షణికమైన గ్లిచ్‌గా ముగిసేది. ఇక్కడ ఆ 0 ఫీడ్‌బ్యాక్ ద్వారా Qగా తిరిగి వస్తే, దాచుకున్న 1 శాశ్వతంగా పోతుంది. G లేచేటప్పుడు మాత్రం రెండు పదాలూ కాసేపు కలిసి 1గా ఉంటాయి కాబట్టి ఈ లోపం బయటపడదు.

మ్యాప్‌లో దీన్ని పట్టుకోవడానికి గ్రూపుల లోపల కాకుండా వాటి మధ్య సరిహద్దుల వద్ద చూడాలి. G, D, Q క్రమంలో 111, 011 గడులు పక్కపక్కనే ఉన్నాయి, రెండింటిలోనూ 1 ఉంది, కాని రెండింటినీ కలిపి కప్పే గ్రూపు లేదు. పక్కపక్కనున్న 1ల జంట ఇలా ఏ ఒక్క గ్రూపులోనూ ఇమడకపోతే అక్కడ స్టాటిక్-1 హజార్డ్ ఉన్నట్టే. ఆ రెండు గడులనూ కలిపితే వచ్చే పదం DQ:

```
Q+ = DG + G'Q + DQ
```

DQలో G లేదు కనుక, G మారుతున్నంతసేపూ ఆ గేటు ఫలితాన్ని 1 వద్దే పట్టి ఉంచుతుంది. ఐబీఎం ఇంజనీర్ జాన్ ఎర్ల్ పేరు మీద 1960ల నుంచి ప్రసిద్ధమైన లాచ్ రూపం ఇదే.

ఈ రక్షణ ఒక సమయంలో ఒకే ఇన్‌పుట్ మారినప్పుడే వర్తిస్తుంది. D, G కలిసి మారితే మధ్యలో ఏ గడి మీదుగా పోతామో ముందుగా చెప్పలేం. దారిలో నిజంగానే 0 ఉన్న గడి తగిలితే ఏ అదనపు పదమూ దాన్ని తొలగించలేదు. ఇంకొక మూల్యం పరీక్షలో చెల్లించాలి: DQ గేటు 0 వద్ద ఇరుక్కుపోయినా సత్యపట్టిక మారదు కాబట్టి స్థిరమైన ఇన్‌పుట్లతో చేసే పరీక్ష ఆ లోపాన్ని చూడలేదు. సత్యపట్టికను మాత్రమే చూసే సంశ్లేషణ సాఫ్ట్‌వేర్ కూడా అదే కారణంతో ఈ పదాన్ని వృథా అనుకుని తీసివేయగలదు కనుక, దాన్ని తొలగించవద్దని రూపకర్తే ప్రత్యేకంగా నిర్దేశించాలి.