మెక్సికోలో బిగిస్తే మెక్సికో సరుకేనా? 2018లో మొదలైన పేచీ

2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించగానే కొనుగోలు విభాగాలన్నీ మళ్లీ చైనా కొటేషన్ పక్కన మెక్సికో, వియత్నాం కొటేషన్లు పెట్టుకుని కూర్చున్నాయి. అమెరికా, చైనా వాణిజ్య యుద్ధం ఎలా మొదలైందో అందరికీ తెలుసు. నా దృష్టిలో అసలు మలుపు 2018 నవంబర్‌లో వచ్చింది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చైనా విడిభాగాలతో మెక్సికోలో బిగించిన ఎలక్ట్రిక్ మోటార్ల గురించి ఒక దిగుమతిదారు అమెరికా కస్టమ్స్ సంస్థను అడిగాడు. H301619 రూలింగ్‌లో వచ్చిన జవాబు చాలామందికి మింగుడుపడలేదు. మోటారు మీద లేబుల్ కోసం మెక్సికో అని వేసుకోవచ్చు. కానీ చైనా మీద వేసిన అదనపు సుంకం విషయంలో మాత్రం అది చైనా సరుకే. విడిభాగాలను ఒకచోట చేర్చి బిగించినంత మాత్రాన వస్తువు స్వరూపం, పేరు, వాడకం మారిపోవన్నది కస్టమ్స్ వాదన. ఫ్యాక్టరీని తరలించిన కంపెనీలు మాత్రం, అక్కడ కూలీలు, యంత్రాలు, పెట్టుబడి ఉన్నాయి కదా అంటాయి.

ఆ తేడా ఎంత డబ్బో లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే. మామూలు సుంకాన్ని పక్కన పెడదాం. చైనా మోటారు ఓడ ఎక్కేటప్పటికి 20 డాలర్లు. 25 శాతం అదనపు సుంకం 5, రవాణా 1. ఆరు వారాలు దారిలో ఉండే సరుకులో ఇరుక్కున్న డబ్బుకి, ఏడాదికి 12 శాతం చొప్పున, దాదాపు 0.30. మొత్తం 26.30.

మెక్సికో మోటారు 23, లారీ ఖర్చు 0.50. అచ్చులు, టెస్టింగ్ పరికరాలు తరలించడానికి 60 వేల డాలర్లు అయితే, 40 వేల మోటార్ల మీద పంచితే ఒక్కోదానికి 1.50. మొత్తం 25. మోటారుకి 1.30 మిగులుతుంది. కానీ కస్టమ్స్ దాన్ని చైనా సరుకు అంటే 23 మీద 5.75 సుంకం పడి 30.75 అవుతుంది.

చాలా పోలికల్లో ఈ 30.75 వరుస ఉండదు. సప్లయర్ కొటేషన్‌లో 'సుంకం లేదు' అని ఉంటే దాన్నే నిజమని తీసుకుంటారు. ఆ మాట తప్పయితే సుంకం కట్టాల్సింది సప్లయర్ కాదు, దిగుమతిదారు. పైగా కస్టమ్స్ ఒక సరుకు మీద సుంకం లెక్కను ఖరారు చేయడానికి మామూలుగా 314 రోజులు పడుతుంది. ఈలోపు ఏడాది ఆర్డర్లన్నీ అదే ధరకు అమ్ముడైపోయి ఉంటాయి.

2025 జులై చివర్లో వచ్చిన అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు, సుంకం తప్పించుకోవడానికి మూడో దేశం మీదుగా మళ్లించిన సరుకుపై 40 శాతం అని ప్రకటించడంతో ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. అందుకే ధర అడిగే ముందే సప్లయర్ దగ్గర విడిభాగాల జాబితా తీసుకోవాలి. ఏ భాగం ఏ దేశంలో తయారైంది, మెక్సికోలో బిగించడమేనా, లేక వైండింగ్, మెషినింగ్ కూడా అక్కడే జరుగుతున్నాయా అని అడగాలి. ఆ వివరాలతో కస్టమ్స్ నుంచి ముందస్తు రూలింగ్ తెచ్చుకోవచ్చు. అది చేతికి వచ్చేదాకా రెండు వరుసలూ, 25 కూడా 30.75 కూడా, పోలికలో ఉండాలి.