ఉపవాసంలో నాడి చెప్పే సంగతి

శివరాత్రి ఉపవాసం, జాగరణ అయ్యాక మర్నాడు పొద్దున, పూజ దగ్గర చాలాసేపు కింద కూర్చున్నవాళ్ళు లేవగానే కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకోవడం చాలా ఇళ్ళలో చూసేదే. "నిన్నటి నుంచి ఏమీ తినలేదుగా, నీరసం" అని ఊరుకుంటాం. షుగర్ మాత్రలు వాడని మనిషికి ఒక్కరోజు తినకపోయినంత మాత్రాన రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. కాలేయం తన నిల్వల్లోంచి అందిస్తూనే ఉంటుంది. ఎక్కువసార్లు అసలు కారణం ఒంట్లో ఉప్పూ నీళ్ళూ తగ్గిపోవడం.

తిండి ఆగితే ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, దాని వెంట నీళ్ళూ పోతాయి. కాలేయంలోనూ కండరాల్లోనూ దాచిన చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, ఖర్చవుతుంటే దాన్ని అంటిపెట్టుకున్న నీరు కూడా బయటపడుతుంది. డైటింగ్ మొదలెట్టిన తొలి రోజుల్లో తగ్గే బరువులో చాలా భాగం ఈ నీళ్ళదే. నిర్జల ఉపవాసమైతే పోయినదాని స్థానంలో కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోని ధమనుల గోడల్లో ఉండే నాడీ తంతువులు ఒత్తిడి తగ్గిందని పసిగట్టి రక్తనాళాలను బిగిస్తాయి, గుండె వేగం పెంచుతాయి. మామూలుగా నాడి నిమిషానికి పది, ఇరవై దాకా పెరిగి సర్దుకుంటుంది. రక్తంలో నీరు తక్కువైతే ఆ సర్దుబాటు చాలదు, మెదడుకు రక్తం అందక కళ్ళు తిరుగుతాయి.

ఉదాహరణకు, బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్ర కలిసిన మందు వాడే 58 ఏళ్ళ ఆవిడను తీసుకుందాం. ఉపవాసం రోజు సాయంత్రం అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూస్తే బీపీ 128/78, నాడి 74. నిలబెట్టి మూడు నిమిషాల లోపు మళ్ళీ చూస్తే బీపీ 104/66, నాడి 102. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఈవిడకు రెండూ తగ్గాయి. బీపీ మిషను లేనివాళ్ళు నాడి మాత్రమైనా చూసుకోవచ్చు. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. నిలబడ్డాక 30కి పైగా పెరిగి కళ్ళు కూడా తిరుగుతుంటే ఉపవాసం అక్కడితో ఆపి పడుకోవాలి, కాళ్ళు ఎత్తులో పెట్టుకోవాలి, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగాలి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ ఉప్పు సలహా వర్తించదు, వాళ్ళు డాక్టరును అడగాల్సిందే.

ఇక్కడ ఒక చిక్కుంది. అదే ఆవిడ అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి మాత్ర వాడుతుంటే బీపీ అంతే పడిపోయినా నాడి 74 నుంచి ఏ 80కో పెరిగి ఆగిపోవచ్చు. ఆ మందు పనే గుండె వేగాన్ని అదుపులో ఉంచడం. కాబట్టి అలాంటివాళ్ళు నాడి నిదానంగా ఉందని ధీమా పడకూడదు.

పడుకున్నా తగ్గకుండా చెమటలు, వణుకు, మాట తడబాటు ఉంటే బీపీ కన్నా ముందు షుగర్‌ని అనుమానించాలి. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఇది ముఖ్యం. షుగర్ మిషన్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. మనిషికి స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మందు మోతాదు గురించి ఉపవాసానికి ముందే డాక్టరుతో మాట్లాడుకుంటే ఇదంతా తప్పుతుంది.

వారాల తరబడి బాగా తక్కువ తినేవాళ్ళలో కథ తిరగబడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను ఆరు నెలల పాటు సగం ఆకలితో ఉంచి గమనించినప్పుడు, వాళ్ళ విశ్రాంతి నాడి సగటున 55 నుంచి 35 దాకా దిగింది. ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటోందన్నమాట. రోజూ పరుగెత్తే ఆటగాడి నాడి కూడా నెమ్మదే, కానీ అతనికి చలి వేయదు, మెట్లెక్కితే కళ్ళు తిరగవు. డైట్‌లో ఉన్న మనిషికి నాడి 50 కిందికి దిగి ఇవి కూడా ఉంటే అది ఫిట్‌నెస్ కాదు.

నాడి తప్పి కొట్టుకోవడం వీటన్నిటికన్నా తీవ్రమైనది. 1970ల్లో అమెరికాలో నెలల తరబడి ద్రవ ప్రొటీన్ తప్ప మరేమీ తీసుకోని కొందరు గుండె లయ తప్పి హఠాత్తుగా చనిపోయారు. అందుకే రోజుకు 800 కేలరీల లోపు డైట్‌ను డాక్టరు పర్యవేక్షణలోనే చేయిస్తారు, ఈసీజీ, పొటాషియం మధ్యమధ్య చూస్తారు. నాడి లయ తప్పినా, దడతో పాటు ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పి పడిపోయినా మజ్జిగతో సరిపెట్టుకోకుండా అదే రోజు ఈసీజీ తీయించాలి.