ఒక్క మిల్లీమీటరు వాపు

రాత్రి ఒంటిగంట దాటాక 14 నెలల పాపను ఎత్తుకుని అమ్మా, నాన్నా, అమ్మమ్మా హడావుడిగా ఎమర్జెన్సీకి వచ్చారు. రెండు రోజులుగా మామూలు జలుబు, కొద్దిగా జ్వరం. సాయంత్రం ఆడుకుంది, అన్నం తింది. అర్ధరాత్రి ఉన్నట్టుండి లేచి కుక్కపిల్ల మొరిగినట్టు దగ్గడం మొదలుపెట్టింది. గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ గొంతులోంచి 'గుర్ర్' మని గరగర శబ్దం. మెడ కింద గుంట లోపలికి లాక్కుపోతోంది, డొక్కలు ఎగరేస్తోంది.

"డాక్టరు గారూ, నాకూ ఇదే జలుబు ఉందండీ. నా గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. దీనికెందుకిలా?" అంది వాళ్లమ్మ.

బహుశా ఆ ఇద్దరికీ పట్టింది ఒకే వైరస్. పాపకి వచ్చిన జబ్బును క్రూప్ అంటారు. ఎక్కువగా ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తుంది, చాలాసార్లు పారాఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల వస్తుంది. పెద్దవాళ్లకి ఆ వైరస్ ఉత్త జలుబే. తేడా అంతా గొంతు కొలతల్లో ఉంది.

స్వరతంత్రులకు సరిగ్గా కింద క్రైకాయిడ్ అనే మృదులాస్థి ఉంటుంది. దాని కింద శ్వాసనాళం పొడవునా ఉండే మృదులాస్థి కట్లు వెనక వైపు తెరిచి ఉంటాయి, గుర్రపు నాడాల్లాగా. అక్కడ మెత్తటి కండరం ఉంటుంది కాబట్టి కాస్త సాగడానికి చోటుంది. క్రైకాయిడ్ ఒక్కటే చుట్టూ మూసుకున్న పూర్తి ఉంగరం. దాని లోపలి గోడకి తడిగా, మెత్తగా ఉండే పొర అంటుకుని ఉంటుంది. వైరస్ వల్ల ఆ పొర వాచిందనుకోండి, బయటికి ఉబ్బడానికి ఉంగరం ఒప్పుకోదు. ఇక మిగిలింది లోపలి దారే, అంటే గాలి వెళ్లే దారి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఏడాది దాటిన పాపకి అక్కడ దారి వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే రెండు వైపుల నుంచీ తగ్గి 3 మిల్లీమీటర్లే మిగులుతుంది. గాలి దూరే జాగా దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. అమ్మకి శ్వాసనాళం 16 మిల్లీమీటర్లు అనుకుందాం. అంతే వాపు వస్తే 14 మిల్లీమీటర్లు మిగులుతుంది, జాగా నాలుగో వంతు కూడా తగ్గదు.

అసలు దెబ్బ ఇంకా ముందుంది. గొట్టం సన్నబడే కొద్దీ గాలి ప్రవాహానికి అడ్డు ఎంత పెరుగుతుందన్నది జాగాను బట్టి కాదు, వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. సన్నటి గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని కొలిచి ఈ సంబంధాన్ని 1840 ప్రాంతంలో చెప్పినాయన ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు. ఆ లెక్కన అమ్మకి అడ్డు రెండింతలు కూడా పెరగదు. పాపకి దాదాపు 8 రెట్లవుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకి ఆ దారి 4 మిల్లీమీటర్లే కాబట్టి అదే వాపుకి 16 రెట్లు.

ఇది గాలి నెమ్మదిగా, సాఫీగా పోతున్నప్పటి మాట. బిడ్డ ఏడిస్తే గాలి వేగం పెరిగి సుడులు తిరుగుతుంది. అప్పుడు ఐదో ఘాతం లెక్కలోకి వస్తుంది, మా పాపకి 8 కాస్తా 13 రెట్లవుతుంది. అందుకే ఇలాంటి బిడ్డ వస్తే మేం మొదట చేసే పని సూది వెయ్యడం కాదు, గొంతు చూడటం కాదు. "మీరే ఒళ్లో కూర్చోబెట్టుకోండమ్మా, దింపకండి" అని చెప్పడం. చెంచాతో నాలుక నొక్కి చూద్దామని ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.

గాలి పీల్చేటప్పుడే శబ్దం రావడానికి కూడా కారణం ఉంది. మెత్తటి స్ట్రాతో చిక్కటి లస్సీ గట్టిగా పీల్చి చూడండి, స్ట్రా గోడలు దగ్గరకి అతుక్కుపోతాయి. పసిపిల్లల శ్వాసనాళం అలాగే మెత్తన. పైన దారి ఇరుకైందని బిడ్డ ఎంత గట్టిగా పీలిస్తే, ఇరుకుకి కింద నాళం అంత ముడుచుకుంటుంది. పక్కటెముకలూ మెత్తనే, అందుకే ఊపిరి లోపలికి పోవాల్సిన బలంలో కొంత డొక్కల్ని లోపలికి లాగడానికే ఖర్చయిపోతుంది. పైగా బరువుతో పోల్చి చూస్తే పసిబిడ్డకి పెద్దవాళ్ల కంటే దాదాపు రెండింతల ఆక్సిజన్ కావాలి. ఊపిరికి పనిచేసే కండరాలు త్వరగా అలిసిపోతాయి.

ఒక చిన్న సవరణ కూడా చెప్పాలి. పిల్లల గొంతు గరాటులా ఉండి క్రైకాయిడ్ దగ్గరే అన్నిటికన్నా సన్నగా ఉంటుందని మేమంతా చదువుకున్నాం. ఆ మాటకి ఆధారం చాలావరకు చనిపోయిన పిల్లల గొంతుల్లో ప్లాస్టర్ పోసి తీసిన అచ్చులు. మత్తులో ఉన్న పిల్లలకి ఎమ్మారై తీసి చూస్తే స్వరతంత్రుల మధ్య సందే ఇంకా ఇరుకని తేలింది. అయినా ఆ సందు కండరాలతో కదిలేది, సాగేది. క్రైకాయిడ్ సాగదు. వాపు వచ్చినప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది అదే.

ముక్కు సంగతి వేరే. మొదటి కొన్ని నెలలు బిడ్డలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. నాలుక నోరంతా నిండి ఉంటుంది, స్వరపేటిక పెద్దల కంటే పైకి ఉంటుంది. పాలు తాగుతూ ఊపిరి తీయడానికి ఈ అమరిక బాగానే పనికొస్తుంది, కానీ ముక్కు దిబ్బడ వేస్తే నెల బిడ్డ రొమ్ము పట్టుకోలేక ఏడుస్తుంది. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. నూనె చుక్కలు వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి జారతాయి.

మళ్లీ పాప దగ్గరకి వద్దాం. మాస్కుని మొహానికి కట్టకుండా కాస్త దూరంగా పట్టుకోమని అమ్మకే ఇచ్చి అడ్రినలిన్ నెబ్యులైజేషన్ పెట్టాం. అడ్రినలిన్ వాచిన పొరలో రక్తనాళాల్ని కుంచింపజేస్తుంది. అరగంట లోపే గరగర తగ్గింది, మెడ గుంట లాగడం ఆగింది. నాన్న బిల్లు కట్టడానికి లేచారు. కూర్చోమన్నాను. ఈ మందు పని రెండు గంటలకి అయిపోతుంది, వాపు మళ్లీ రావచ్చు. అందుకే ముందే నోటి ద్వారా ఒక్క డోసు డెక్సామెథసోన్ ఇచ్చాం. అది నెమ్మదిగా మొదలై చాలా గంటలు వాపుని అణిచి ఉంచుతుంది.

"వేడినీళ్ల ఆవిరి పడితే తగ్గేది కాదా బాబూ?" అని అమ్మమ్మ అడిగారు. క్రూప్‌కి ఆవిరితో లాభం ఉన్నట్టు పరీక్షల్లో తేలలేదు. మరిగే నీళ్లు ఒలికి ఒళ్లు కాలిన పిల్లల్ని మాత్రం చూశాను. ఆ మాటే చెప్పాను.

శబ్దం ఎంత పెద్దగా ఉంటే జబ్బు అంత పెద్దదని చాలామంది అనుకుంటారు. నాకు టెన్షన్ పెట్టేది మరొకటి. ఇంతసేపూ గరగరలాడిన బిడ్డ డొక్కలు ఇంకా ఎగరేస్తూనే ఉండి శబ్దం తగ్గిపోతే, మగతగా వాలిపోతే, పెదాలు నీలంగా మారితే, అది తగ్గడం కాదు. గాలి పోవడమే తగ్గిపోయింది. చొంగ మింగలేక కారుస్తూ, తీవ్ర జ్వరంతో ముందుకి వంగి కూర్చున్న బిడ్డది కూడా క్రూప్ కాకపోవచ్చు. నాలుక మొదలుకి వెనక, స్వరపేటిక మీద మూతలా ఉండే భాగం వాచి ఉండొచ్చు. పెంటావాలెంట్ టీకా వచ్చాక అది చాలా అరుదైంది. ఈ రెండిట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

తెల్లవారుజామున ఐదున్నరకి పాప అమ్మ భుజం మీద నిద్రపోతోంది. చెవి దగ్గర పెట్టి విన్నాను, గరగర లేదు. దగ్గు ఇంకో రెండు రాత్రులు ఉండొచ్చని చెప్పి ఇంటికి పంపాను.