ఇంటికి ఒక్కరే సంపాదిస్తూ ఉద్యోగం మారడం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో కెరీర్ కౌన్సెలింగ్ చేస్తుంటాను. అమ్మానాన్నల్నీ, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒక్క జీతంతో నెట్టుకొస్తున్న పిల్లల దగ్గర ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: చెల్లి చదువు అయ్యేదాకా కదలకూడదు.

ఆగితే వచ్చే నష్టం పైకి కనిపించదు. రెండేళ్ల తర్వాత వెళ్లినా, కొత్త కంపెనీ పాత జీతం చూసే ఎంతివ్వాలో తేలుస్తుంది. నిజానికి ప్రమాదమంతా మారే ఆ రెండు నెలల్లోనే ఉంటుంది. దాన్ని ముందే లెక్కేయొచ్చు.

గుంటూరు నుంచి రోజూ రైల్లో బెజవాడ వచ్చి అకౌంట్స్ చేసే అబ్బాయి అనుకుందాం. చేతికొచ్చేది 32,000, ఇంట్లో ఇచ్చేది 22,000. హైదరాబాద్‌లో ఆఫర్ వచ్చింది. జులై 31న మానేస్తే, చాలా కంపెనీల్లో చివరి నెల జీతాన్ని ఫైనల్ సెటిల్‌మెంట్ దాకా ఆపేస్తారు. ఆగస్టు 22న చేరితే, ఆ నెల జీతాల లెక్క ముగించే పేరోల్ కటాఫ్ తేదీ దాటిపోయి, మొదటి జీతం సెప్టెంబర్ 30న పడుతుంది. అంటే జూన్ జీతంతో జులై గడిచాక రెండు నెలలు చేతి డబ్బే. ఇంటికి 44,000, హాస్టల్ అడ్వాన్స్, ఖర్చులకు 20,000, ఆగస్టులో చెల్లి ఫీజు 35,000. మొత్తం 99,000. అదే ఆగస్టు మొదటి వారంలో చేరితే నెలాఖరుకే జీతం వస్తుంది, 22,000 తగ్గుతుంది. అందుకే కటాఫ్ తేదీ ఎప్పుడో హెచ్‌ఆర్‌ను అడిగాకే చేరే తేదీ ఒప్పుకోండి. ఈ డబ్బు పోగయ్యాక, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా.

అపోహ: జీతం సగం పెరిగితే కళ్లు మూసుకుని వెళ్లిపోవచ్చు.

ఆ అబ్బాయికి అక్కడ చేతికి 48,000 అనుకుందాం. పెరిగింది 16,000. భోజనంతో హాస్టల్ 9,000, ఊళ్లో తిరగడానికి 2,000, నెలకు రెండుసార్లు ఇంటికి రావడానికి 1,500 పోతే మిగిలేది 3,500. ఇక్కడ చేసిన ఎంట్రీలే అక్కడా చేయాలంటే నేనైతే వద్దంటాను. జీఎస్టీ రిటర్నులు, ఆడిట్ పనులు చేతికొస్తాయంటే మాత్రం ఆ 3,500కే వెళ్లమంటాను. ఆ తర్వాతి మార్పులో పెరిగేది ఆ పని వల్లే.

అపోహ: నాన్నకు ఆరోగ్య బీమా కొత్త కంపెనీ ఇస్తుందిలే.

నాకు అన్నిటికంటే భయం దీనిమీదే. పాత కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ మామూలుగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులు ఉండకపోవచ్చు. నాన్నకు షుగరో, బీపీయో ఉంటే, కొత్తగా తీసుకునే సొంత పాలసీలో వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అన్నాళ్లూ వాటి వైద్యానికి బీమా డబ్బు రాదు. అందుకే నోటీసు ఇచ్చిన వారమే పాత బీమా సంస్థను అడగండి, గ్రూప్ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలుందా, ఇప్పటికే గడిచిన కాలాన్ని కలుపుతారా అని. ప్రీమియం ఎంతో తెలిశాక దాన్నీ పై లెక్కలో కలపండి.