అతుకు కనపడని అతుకు

సాయంత్రం తీసిన చెరువు ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. ఆకాశం మసకబారింది, ఒక పక్క తాటిచెట్టు నల్లగా నిలబడి ఉంది. మరో ఫోటోలో మధ్యాహ్నపు తెల్లటి ఆకాశంలో ఒక కొంగ ఎగురుతోంది. ఆ కొంగను ఈ చెరువు మీదికి తేవాలి. చుట్టూ కాస్త ఆకాశం వదిలి కత్తిరించి అతికిస్తే, చీకటి గుడ్డకు తెల్ల మాసిక వేసినట్టు కనిపిస్తుంది. ఒక్కో ఈక వెంబడి గీత గీసి కత్తిరించడం గంటల పని.

2003లో కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు సిగ్‌గ్రాఫ్‌లో పాట్రిక్ పెరెజ్, మిషెల్ గాంగ్నే, ఆండ్రూ బ్లేక్ ఈ చిక్కుకు ఒక చక్కని విరుగుడు చూపించారు. మన కన్ను వెలుగు ఎంత ఉందో కొలవడం కంటే, పక్కపక్క చుక్కల మధ్య వెలుగు ఎంత మారిందో పట్టుకోవడంలోనే చురుకు. మెల్లగా వచ్చే మార్పు దానికి దాదాపు కనపడదు. కాబట్టి కొంగ ఫోటో నుంచి రంగులను తీసుకోకుండా, పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాలను మాత్రమే తీసుకోవాలి. అంచు దగ్గర రంగు మాత్రం చెరువు ఫోటోదే ఉండాలి. పక్కపక్క పిక్సెళ్ల మధ్య ఉండే ఆ తేడానే గ్రేడియంట్ అంటారు.

ఒకే వరుసలో ఐదు పిక్సెళ్లతో చేసి చూద్దాం. వెలుగును 0 నుంచి 255 వరకు అంకెల్లో కొలుస్తారు. కొంగ ఫోటోలో రెండు చివరలూ ఆకాశం, మధ్యలో మూడు కొంగ ఒళ్లు. చెరువు ఫోటోలో ఆ రెండు చివరల చోట వెలుగు 100, 120.

```
కొంగ ఫోటో:    200  210  150  205  200
నేరుగా అతికితే: 100  210  150  205  120
సవరణ:       -100  -95  -90  -85  -80
ఫలితం:        100  115   60  120  120
```

నేరుగా అతికితే ఎడమ అంచులో వెలుగు ఒక్కసారిగా 110 మెట్లు ఎగురుతుంది. అదే మాసిక. అంచుల్లో రెండు ఫోటోలకూ ఉన్న తేడా -100, -80. ఆ తేడాను లోపలి పిక్సెళ్లకు మెట్టుకు ఐదు చొప్పున సర్దితే కొంగ మొత్తం సాయంకాలపు మసకలోకి దిగుతుంది. కొంగ ఒంటి మీద మొదట 60 ఉన్న తేడా ఇప్పుడు 55 అయింది. ఆ అయిదూ కన్ను పట్టుకోలేదు.

బొమ్మకు పొడవుతో పాటు ఎత్తూ ఉంటుంది కాబట్టి అక్కడ నియమం ఇది: లోపలి ప్రతి పిక్సెల్ సవరణ, దాని నాలుగు పక్కల పిక్సెళ్ల సవరణల సగటు కావాలి. ఎత్తుపల్లాలున్న చట్రానికి పల్చని పొరను బిగించి లాగితే, మధ్యలో గుంతలూ గుట్టలూ లేకుండా అది ఎలా సర్దుకుంటుందో ఈ సవరణ కూడా అలాగే సర్దుకుంటుంది. ఫలితపు బొమ్మను నేరుగా తేల్చే సమీకరణం ఫ్రెంచ్ గణితవేత్త పాయిసాన్ పేరు మీద ఉంది. 200 పిక్సెళ్ల పొడవు, 200 ఎత్తు ఉన్న ముక్కకు ఒక్కో రంగు పొరలో 40,000 తెలియని అంకెలు ఉంటాయి. అయితే ఒక్కో సమీకరణంలో ఐదే అంకెలు తగులుతాయి కనుక కంప్యూటర్‌కు అది పెద్ద భారం కాదు. బొమ్మల పనికి వాడే ఓపెన్‌సీవీ లైబ్రరీలో అయితే ఇదంతా ఒక్క పిలుపు:

```python
out = cv2.seamlessClone(src, dst, mask, center, cv2.NORMAL_CLONE)
```

ఇక్కడ `src` కొంగ ఫోటో, `dst` చెరువు ఫోటో, `center` చెరువు ఫోటోలో ముక్క నడిమి భాగం కూర్చునే చోటు. `mask` అంటే కొంగ చుట్టూ గీసిన వలయం లోపలి భాగమంతా. పని చెడేది ఎక్కువగా ఆ వలయం దగ్గరే. నా మొదటి ప్రయత్నంలో వలయం ఎడమ అంచు తాటిచెట్టు మీద పడింది. అక్కడ చెరువు ఫోటో వెలుగు 30, కొంగ ఫోటోది 200. అంటే సవరణ -170. సిరా చుక్క బట్టలోకి ఇంకినట్టు ఆ నలుపు లోపలికి పాకి, కొంగ ఎడమ రెక్కను మసి చేసింది. ఈ జబ్బును గుర్తుపట్టడం సులువు: మరక అంచు దగ్గర చిక్కగా ఉండి, లోపలికి పోయే కొద్దీ పల్చబడుతుంది. వలయాన్ని చెట్టుకు తగలకుండా జరిపితే పోయింది.

వలయం మరీ వెడల్పుగా ఉంటే ఇంకో నష్టం. కొంగ చుట్టూ ఉన్న ఖాళీ ఆకాశంలో తేడాలు దాదాపు సున్నా. వాటిని తెచ్చి పెడితే, ఆ చోట చెరువు ఫోటోలో ఉన్న మబ్బు గీతలు మాయమై ఆకాశం నున్నగా తుడిచినట్టు మిగులుతుంది. `MIXED_CLONE` వాడితే ప్రతి చోటా రెండు ఫోటోల్లో ఏ తేడా పెద్దదో దాన్నే తీసుకుంటుంది, మబ్బులు తిరిగి వస్తాయి. కానీ కొంగ ఒళ్లు నున్నగా ఉన్న చోట కూడా మబ్బు గీతే గెలుస్తుంది. కొంగ గాజుతో చేసినట్టు, వెనకనున్న మబ్బు దాని పొట్టలోంచి కనిపిస్తుంది. అందుకే పక్షికి, మనిషికి నేను ఇది వాడను. గోడ మీద చేతిరాత తేవాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. అక్షరాల సందుల్లోంచి ఇటుకలు కనపడటమే అక్కడ కావలసింది.

ఒక్కటి మాత్రం ఏ వలయమూ సరిచేయలేదు. మధ్యాహ్నపు ఎండ కొంగ వీపు మీద పడి, పొట్ట కింద నీడ పరిచింది. ఆ వెలుగునీడలూ తేడాలే కనుక ఈ పద్ధతి వాటిని భద్రంగా మోసుకొస్తుంది. సాయంత్రపు వెలుగు పక్క నుంచి వస్తుంటే కొంగకు మాత్రం నడినెత్తిన సూర్యుడు ఉంటాడు. అతికించడానికి ఇప్పుడు నేను మబ్బు పట్టిన రోజు తీసిన కొంగలనే ఏరుకుంటున్నాను.